జుట్టు మారినా నెత్తి మారొద్దు

నిజామాబాద్, బోధన్ పట్టణాల్లో ఫొటో స్టూడియో నడిపేవాళ్లకు బాగా అలవాటైన కోరిక ఒకటుంది. ఇంటి పెద్ద పోయిన నాలుగో రోజో ఐదో రోజో కొడుకులు వస్తారు. దినాలకు పటం కావాలంటారు. సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు. ముఖం కళగానే ఉంటుంది, కళ్లు సూటిగా చూస్తుంటాయి. కానీ తల తెల్లబడి ఉంటుంది, జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంటుంది. "అన్నా, మా బాపు ఇట్ల లేకుండె. నల్లటి రింగుల జుట్టు ఉండె. అట్ల చేసియ్యి" అంటారు.

ఈ పని చూడటానికి సులువు. కంప్యూటర్‌లో జుట్టును ఎంచుకుని నల్లరంగు పూస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పటం తీసుకుపోయి గోడకు పెట్టాక అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఇంట్లో ఆడబిడ్డ ఒకామె చూసి, "ముఖం నాయినదే గని, ఎందుకో నాయిన లెక్క కొడతలేడు" అంటుంది. కళ్లు, ముక్కు, మీసం, దేన్నీ ఎవరూ ముట్టుకోలేదు. అయినా మనిషి మారిపోయాడు. ఎందుకు మారాడు, మారకుండా ఆ పని ఎట్లా చేయాలి అన్నదే ఈ రోజు మన ముచ్చట.

మనిషిని గుర్తుపట్టడంలో కళ్లూ ముక్కూ మాత్రమే పనిచేస్తాయనుకుంటాం. 1996లో పవన్ సిన్హా, టొమాసో పోజియో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక ఫొటో వేశారు. అందులో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్, ఆయన పక్కన ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి గోర్ తల మీద జుట్టు, తల ఆకారం మాత్రమే గోర్‌వి. లోపలి కళ్లు, ముక్కు, నోరు క్లింటన్‌వే. రెండు తలల్లోనూ ఒకటే ముఖం పెట్టారన్నమాట. చూసినవాళ్లు మాత్రం ఇద్దరినీ ఇద్దరుగానే గుర్తుపట్టారు. తల బయటి గీత, నుదుటి మీద జుట్టు మొదలయ్యే అంచు, ఈ రెండూ మన కంటికి అంత బలమైన ఆనవాళ్లు. ఆ రెండింటినీ అటూ ఇటూ జరిపితే, లోపలి ముఖం ఎంత చక్కగా ఉన్నా పటంలో పరాయి మనిషి కూర్చుంటాడు.

ఇప్పుడొక కేసు తీసుకుందాం. శక్కర్‌నగర్ నుంచి ఒక కుటుంబం వచ్చిందనుకోండి. బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీలో ఆ పెద్దమనిషి పనిచేసి రిటైరయ్యాడు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డది. ఆయన గుర్తింపు కార్డు మాత్రం ఇనుప పెట్టెలో భద్రంగా ఉంది. దాని మీద బొటనవేలంత నలుపు తెలుపు ఫొటో, అందులో నలభై ఏళ్ల మనిషి, వెనక్కి దువ్విన రింగుల జుట్టు. రెండోది సెల్‌ఫోన్ ఫొటో. మనవరాలి పెండ్లిలో తీసింది. అందులో ఆయనకు డెబ్బై దాటాయి. తల తెల్లగా ఉంది, జుట్టు పొట్టిగా ఉంది, నడినెత్తిన పలుచబడ్డది, కణతల దగ్గర అంచు వెనక్కి పోయింది. ఇంటివాళ్లు కోరుకునేది పెండ్లి ఫొటోలోని ముఖం, కార్డు ఫొటోలోని జుట్టు.

ఇక్కడే మొదటి నిర్ణయం తీసుకోవాలి. నలభై ఏళ్లనాటి నుదుటి అంచు వేరు, డెబ్బై ఏళ్లనాటిది వేరు. పాత అంచును కొత్త ముఖానికి తగిలిస్తే, ముడతలున్న నుదురు ఒక్కసారిగా పొట్టిదైపోతుంది, కనుబొమ్మలకూ జుట్టుకూ మధ్య దూరం తగ్గుతుంది. అది ఆ రెండు వయసుల్లో దేనికీ చెందని మనిషి బొమ్మ. అందుకని, అంచూ తల ఆకారమూ ముఖం ఏ ఫొటోలో ఉందో ఆ ఫొటోవే ఉంచాలి. పాత ఫొటో నుంచి తీసుకోదగ్గవి రెండే: జుట్టు రంగు ఎంత ముదురు, వెంట్రుక ఎట్లా వంపు తిరుగుతుంది. ఇంటివాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఒప్పించాలి. పని అయ్యాక చెప్తే బేరమాడినట్టే ఉంటుంది.

పాత ఫొటోలోని తలను కోసి కొత్త ఫొటో మీద పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సెల్‌ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు, నుదురు ముందుకొచ్చి పెద్దగా కనిపిస్తాయి. చెవులు, తల పక్కలు వెనక్కిపోయి చిన్నవవుతాయి. స్టూడియోలో ఆరేడు అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో అదే తల వెడల్పుగా ఉంటుంది. రెండూ నిజమే, రెండూ ఒకే మనిషివే. కానీ ఒక దాని నెత్తి ఇంకొక దాని ముఖానికి అతకదు.

ఇక కొలతలు. పటం పన్నెండు అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు అనుకుందాం. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే 3600 చుక్కల వెడల్పు, 5400 చుక్కల ఎత్తు. అందులో తల సుమారు ఐదంగుళాల వెడల్పు ఉంటుంది, అంటే 1500 చుక్కలు. మనిషి తల వెడల్పు దాదాపు 15 సెంటీమీటర్లు. కాబట్టి ఒక మిల్లీమీటరుకు పది చుక్కలు. తలవెంట్రుక మందం మిల్లీమీటరులో వందకు ఎనిమిది వంతులు, అంటే ఒక చుక్క కన్నా కొంచెం తక్కువే.

కార్డు మీది ఫొటో పరిస్థితి ఇంకా కష్టం. 35 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫొటోలో తల 20 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే తల మొత్తం 470 చుక్కలు. అప్పుడు ఒక్కో చుక్కలో నాలుగు వెంట్రుకలు కలిసిపోతాయి. విడి వెంట్రుక అందులో లేనే లేదు, ఎంత పెద్దది చేసినా రాదు. ఉన్నది పాయలు మాత్రమే. ఇది తెలిస్తే రెండు పొరపాట్లు తప్పుతాయి. ఒకటి, లేని వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీయబోయి బొమ్మను తీగల కుచ్చు చేయడం. రెండు, ఫొటోలో మిగతా చోట్ల లేనంత పదును జుట్టుకు మాత్రమే తెచ్చి అతికించినట్టు చేయడం. రెండు మూడు చుక్కల మందమున్న కుంచెతో పాయలుగా గీస్తే, అచ్చులో అది జుట్టుగానే కనిపిస్తుంది.

రంగు ముట్టుకోకముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, ఆనవాళ్లు గీసి పెట్టుకోవడం. అసలు ఫొటో మీద ఒక ఖాళీ లేయర్ వేసి, ఎర్రటి సన్నగీతతో కొన్ని చోట్ల గుర్తులు పెట్టాలి. నుదుటి నడుమ అంచు మొదలయ్యే చోటు. రెండు కణతల దగ్గర అంచు లోపలికి మలుపు తిరిగే మూలలు. చెవి ముందు కలం ఎక్కడ ఆగిందో అక్కడ. చెవి పైభాగం తలకు కలిసే చోటు. నడినెత్తి పైగీత. పాపిట మొదలు, సుడి ఉంటే సుడి. ఇవన్నీ ఎముకతోనూ చర్మంతోనూ ఉన్నవి, జుట్టు రంగు మారినంత మాత్రాన జరిగేవి కావు. పని నడుస్తున్నంతసేపు ఈ లేయర్‌ను మాటిమాటికీ వెలిగించి చూసుకోవాలి.

తల బయటి గీత అంటే పుర్రె గీత కాదు. పుర్రె మీద చర్మం, దాని మీద జుట్టు మందం, ఆ పైన కనిపించేదే బయటి గీత. మన పెద్దమనిషి జుట్టు పొట్టిగా ఉంది కాబట్టి పుర్రెకూ బయటి గీతకూ మధ్య తేడా సెంటీమీటరు కూడా ఉండదు. ఇది అదృష్టం. తల నిజమైన ఆకారం దాదాపు చేతికందినట్టే. సరిచూసుకోవడానికి ఒక కొండగుర్తు కూడా ఉంది. పెద్దవాళ్ల తలను ఎదురుగా చూస్తే, గడ్డం కొస నుంచి నడినెత్తి దాకా ఉన్న ఎత్తులో కళ్లు సగానికి అటూ ఇటూగా పడతాయి. మనం జుట్టు పెంచాక కళ్లు సగం కన్నా బాగా కిందికి దిగినట్టు కనిపిస్తే, పెంచింది జుట్టు కాదు, పుర్రె అని తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరికి వద్దాం. తెల్లజుట్టును నల్లగా మార్చడం అంటే చీకటి పెంచడం అనుకుంటారు చాలామంది. మన చర్మం రంగున్న మనుషుల్లో అది పనిచేయదు. ఎందుకో చూద్దాం.

గోధుమరంగు చర్మం మీద తెల్లజుట్టు ఉంటే, వెంట్రుక తెల్లది, వెంట్రుకల సందుల్లోంచి కనిపించే చర్మం ముదురుది. నల్లజుట్టు ఉంటే ఇది తలకిందులవుతుంది. వెంట్రుక ముదురుది, సందుల్లో కనిపించే చర్మం లేతది. నడినెత్తిన, కణతల దగ్గర, పాపిట వెంట, అంటే జుట్టు పలుచగా ఉన్న ప్రతి చోటా వెలుతురు చీకట్లు తారుమారు కావాలి. అలా కాకుండా మొత్తాన్ని ఒక్కతీరుగా నల్లబరిస్తే వెంట్రుకతో పాటు సందుల్లోని చర్మం కూడా నల్లబడుతుంది. పలుచటి నెత్తి ఒత్తయిన నెత్తి అయిపోతుంది. అంచు వెనక్కి పోయిన కణత నిండిపోతుంది. మనం గీతను జరపలేదనుకుంటాం, కానీ జరిగింది.

నుదుటి అంచు దగ్గర ఇదే విషయం ఇంకా సూక్ష్మంగా పనిచేస్తుంది. అంచు అనేది కత్తితో కోసిన గీత కాదు. నాటు వేసిన పొలం గట్టు పక్కన మొక్కలు పలుచబడి నీళ్లు కనిపించినట్టు, అంచున ఐదు నుంచి పది మిల్లీమీటర్ల మేర వెంట్రుకలు క్రమంగా పలుచనై, సన్నబడి, చివరికి నూగుగా మారతాయి. తల తెల్లబడ్డాక ఆ నూగు చర్మంలో కలిసిపోయి కంటికి ఆనదు. అందుకే తెల్లజుట్టు మనిషి అంచు ఉన్నదానికన్నా వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. అదే నూగును నల్లబరిస్తే ఒక్కొక్కటీ లేచి కనిపిస్తుంది, అంచు ఐదారు మిల్లీమీటర్లు కిందికి దిగినట్టవుతుంది. నిజానికి యువకుడిగా ఉన్నప్పుడు కూడా ఆ నూగు అంత నల్లగా లేదు, సన్నగా లేతగానే ఉంది.

దీనికి మార్గం జుట్టును మూడు భాగాలుగా విడదీసుకోవడం. ఒత్తుగా ఉన్న పక్కలు, వెనకభాగం మొదటిది. పలుచబడ్డ నడినెత్తి, కణతలు రెండోది. నుదుటి అంచున ఉన్న ఆ పది మిల్లీమీటర్ల పట్టీ మూడోది. ఒక్కో భాగానికి ఒక్కో మాస్క్ వేసుకోవాలి. ఫొటోషాప్‌లో సెలెక్ట్ అండ్ మాస్క్ అనే సదుపాయంతో బయటి అంచు పాయలు బాగానే వస్తాయి. కానీ నుదుటి వైపు దాన్ని నమ్ముకోవద్దు, అక్కడ తెల్లజుట్టుకూ వెలుతురు పడ్డ నుదుటికీ తేడా దానికి తెలియదు. ఆ వైపు చేత్తోనే, మెత్తటి కుంచెతో మాస్క్ గీయాలి.

మొదటి భాగాన్ని కర్వ్స్‌తో నల్లబరచవచ్చు. రెండో భాగంలో ముందు చర్మాన్ని పరచాలి. ఆ మనిషి నుదుటి మీదే నీడవైపు చర్మం రంగు తీసుకుని నడినెత్తిన పలుచగా వేసి, దాని మీద ముదురు పాయలను, అసలు ఫొటోలో తెల్లపాయలు ఏ దిక్కుగా పోతున్నాయో ఆ దిక్కుగానే గీయాలి. అసలులో రెండు పాయల మధ్య ఎంత సందు ఉందో ఇక్కడా అంతే వదలాలి. మూడో భాగాన్ని, అంటే నుదుటి పట్టీని సగం మేరకే నల్లబరచాలి. లోపలివైపు నూటికి ఎనభై వంతులు, నడుమ నలభై వంతులు, నూగు దగ్గర పది వంతులు. ఇట్లా దింపుకుంటూ వస్తే అంచు ఉన్నచోటనే ఉంటుంది.

నెగెటివ్‌ల కాలంలో కూడా ఇదే చిక్కు ఉండేది, వేరే రూపంలో. నెగెటివ్ మీద పెన్సిల్‌తో గీస్తే అచ్చులో ఆ చోటు తెల్లబడుతుంది. ముడతలు, మచ్చలు పోగొట్టడానికి అది చక్కగా పనికొచ్చేది. అచ్చులో నల్లబరచాలంటే మాత్రం సన్నటి కత్తితో నెగెటివ్ పూతను గీకాలి, లేదంటే అచ్చు మీదనే కుంచెతో రంగు వేయాలి. తెల్లజుట్టు నెగెటివ్ మీద దట్టమైన నలుపుగా ఉంటుంది, దాన్నంతా గీకడం అయ్యే పని కాదు. కాబట్టి జుట్టు పని అచ్చు మీద కుంచెతోనే నడిచేది. పాత పటాల్లో జుట్టంతా ఒకే నల్లముద్దగా, అంచు గీత గీసినట్టు ఉండటానికి కారణం ఆ రంగు పొరే.

ఇక రంగు. నల్లజుట్టు ఎక్కడా కాటుక నలుపు కాదు. కంప్యూటర్ కొలతలో సున్నా పూర్తి చీకటి, 255 పూర్తి తెలుపు అనుకుంటే, నల్లజుట్టు నీడలో ఇరవై పాతిక దగ్గర, మామూలు వెలుతురులో నలభై నుంచి అరవై దాకా, మెరిసే చోట నూటపది నుంచి నూటనలభై దాకా ఉంటుంది. రంగులో ఎరుపు కొంచెం ఎక్కువ, నీలం కొంచెం తక్కువ. ఎరుపు 38, ఆకుపచ్చ 32, నీలం 29, ఇట్లాంటి లెక్క నీడకూ మామూలు వెలుతురుకూ నడుమనున్న చోటుకు సరిపోతుంది. ఆరుబయట నీడలో తీసిన ఫొటో అయితే మెరుపులో ఆకాశం నీలం కొంత చేరుతుంది. పెండ్లి పందిరి దీపాల కింద తీసిందైతే పసుపు చేరుతుంది. ఆ మెరుపు రంగు ఎట్లా ఉండాలో ఫొటోలోనే జవాబు ఉంటుంది: కంటిపాపలోని వెలుతురు చుక్కను, అక్కడే నిలబడ్డ ఇంకొకరి నల్లజుట్టును చూడాలి.

మెరుపు విషయంలో ఇంకో సంగతి ఉంది. 2003లో స్టీవ్ మార్ష్‌నర్, ఆయన సహచరులు వెంట్రుక మీద వెలుతురు ఎట్లా నడుస్తుందో లెక్కగట్టి ప్రచురించారు. వెలుతురులో కొంత వెంట్రుక పైపూత మీదే పడి తిరిగి వస్తుంది. కొంత లోపలికి పోయి, అవతలి గోడకు తగిలి, మళ్లీ బయటికి వస్తుంది. నల్లజుట్టులో లోపలికి పోయిన వెలుతురును రంగు పదార్థం చాలావరకు మింగేస్తుంది, పైపూత మెరుపే మిగులుతుంది. అందుకే నల్లజుట్టు మీద మెరుపు సన్నటి పట్టీలాగా, తల వంపు మీద ఒకచోట తేలుతుంది. తెల్లజుట్టులో మింగే పదార్థం లేదు, వెలుతురు ఒక వెంట్రుక నుంచి ఇంకొక వెంట్రుకలోకి పోతూ అంతటా పరచుకుంటుంది. అందుకే తెల్లతల ఎక్కడ చూసినా ఒకేతీరు కాంతితో మెత్తగా ఉంటుంది.

పటం చేసేవాళ్లకు దీనితో పనేమిటంటారా? తెల్లజుట్టు ఫొటోను కర్వ్స్‌తో కిందికి దింపితే ఆ పరచుకున్న కాంతి పరచుకున్న బూడిదరంగు అవుతుంది. జుట్టుకు దుమ్ము కొట్టుకున్నట్టుంటుంది. దాన్ని పోగొట్టడానికి ఇంకా నల్లబరిస్తే టోపీ పెట్టినట్టవుతుంది. చేయాల్సింది, ముందు ఆ కాంతిని ముదురుచేసి, తరువాత వెలుతురు వచ్చే దిక్కును బట్టి తల వంపు మీద సన్నటి మెరుపు పట్టీని విడి లేయర్‌లో వేయడం. తల ఆకారం చూసేవారికి తెలిసేది కూడా ఈ పట్టీ వల్లనే. పట్టీ గుండ్రంగా వంగితే తల గుండ్రంగా అనిపిస్తుంది, తిన్నగా గీస్తే నెత్తి చదునైపోతుంది. పట్టీ ఎక్కడ వంగాలో నుదుటి మీది మెరుపును చూసి నిర్ణయించాలి, ఎందుకంటే నుదురూ నెత్తీ ఒకే పుర్రె మీదున్నవి.

మనవైపు తరచూ ఎదురయ్యే ఇంకో సంగతి మెహందీ. గోరింటాకులోని రంగు వెంట్రుకలోని మాంసకృత్తును పట్టుకుంటుంది. తెల్లవెంట్రుక నారింజ రంగుకు మారుతుంది, నల్లవెంట్రుక పెద్దగా మారదు. కాబట్టి మెహందీ పెట్టిన తలలో ఎర్రగా ఉన్నవి ఒకప్పటి తెల్లవి అని ఫొటోనే మనకు చెప్తుంది. కంప్యూటర్‌లో ఎరుపు, నీలం ఛానళ్లను విడివిడిగా చూస్తే ఆ వెంట్రుకలు ఎరుపులో వెలుగుతాయి, నీలంలో ఆరిపోతాయి. నల్లవి రెంటిలోనూ ముదురుగానే ఉంటాయి. రెండింటి తేడా నుంచే మాస్క్ తయారవుతుంది. మెహందీ ఎరుపు పోవాలని ఇంటివాళ్లు అడిగితే, చేత్తో గీసే మాస్క్ కన్నా ఇది చాలా నికరంగా పనిచేస్తుంది. కొందరి ఇళ్లలో మెహందీ రంగే ఆ మనిషి గుర్తు. అడగకుండా తీసేయవద్దు.

రంగు కుదిరాక రింగులు. ఇక్కడ తల ఆకారం చెడిపోయే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే రింగుల జుట్టు పుర్రె మీద అణిగి పడుకోదు, లేచి నిలబడుతుంది. కార్డు ఫొటోలో ఆయన జుట్టు నెత్తి మీద ఎంత మందం లేచిందో కొలవాలి. ఆ ఫొటోలో రెండు కంటిపాపల మధ్య దూరాన్ని కొలబద్దగా తీసుకోండి. అది పెద్దవాళ్లలో ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దానితో లెక్కిస్తే ఆనాటి జుట్టు నెత్తిన మూడు సెంటీమీటర్లు లేచిందని తేలిందనుకుందాం. డెబ్బై ఏళ్ల వయసులో జుట్టు పలుచబడ్డాక అదే రింగులు అంత లేవవు. సగం, అంటే ఒకటిన్నర సెంటీమీటరు చాలు. పక్కల ఇంకా తక్కువ. చెవుల మీదుగా జుట్టును ఉబ్బిస్తే ముఖం సన్నబడినట్టు కనిపిస్తుంది.

రింగులు ఎక్కడినుంచి తేవాలి? ఇంకెవరిదో రింగుల తల ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికిస్తే, ఆ తలతో పాటు ఆ మనిషి నుదుటి అంచు, కణత మూల, నెత్తి వంపు కూడా వచ్చేస్తాయి. పాత కార్డు ఫొటోలో వివరం తక్కువే అయినా, అది ఆయన సొంత జుట్టు. దాని నుంచి వెలుతురు చీకట్ల పెద్ద ఆకారాలను వదిలేసి, సన్నటి అల్లికను మాత్రమే తీసుకోవాలి. హై పాస్ అనే ఫిల్టర్ అదే చేస్తుంది. పెద్ద ఆకారాలన్నీ బూడిదరంగై, పాయల వంపులు మాత్రమే మిగులుతాయి. ఆ అల్లికను మన ఫొటో జుట్టు మీద సాఫ్ట్ లైట్ పద్ధతిలో వేస్తే వంపులు దిగుతాయి, అంచు దిగదు. అల్లిక తల వంపుకు సరిపడేలా తిప్పాల్సి వస్తే వార్ప్‌తో తిప్పాలి. లిక్విఫై వాడితే ముందుగా నుదురు, చెవులు, కనుబొమ్మలు ఫ్రీజ్ మాస్క్‌తో కట్టేయాలి. లేకపోతే కుంచె ఒక్క దెబ్బకు నుదుటి అంచు కూడా వెంట లాగుకుపోతుంది.

అల్లిక చాలని చోట పాయలు గీయాలి. సుడి దగ్గర మొదలుపెట్టి బయటికి, జుట్టు మొలిచే దిక్కుగా. ప్రతి రింగు వంపులో వెలుతురు వైపు ఒక మెరుపు, లోపలి మడతలో ఒక నీడ. నుదుటి దగ్గర మొదటి వెంట్రుకలు రింగు తిరగకుండా సన్నగా వెనక్కి పోతాయి. వంపు మొదలయ్యేది సెంటీమీటరో సెంటీమీటరున్నరో దాటాక. అంచు దగ్గర నుంచే రింగులు వేస్తే విగ్గు పెట్టినట్టు కనిపిస్తుంది, చాలా పటాల్లో జరిగే తప్పు అదే. చివరికి, మొత్తం జుట్టు మీద ఫొటోలో ముఖం మీదున్నంత గరుకును, అంటే గ్రెయిన్‌ను కలపాలి. లేకపోతే ముఖం సెల్‌ఫోన్‌దిగా, జుట్టు బొమ్మదిగా విడిపోతుంది.

పని అయిందనుకున్నాక పరీక్షలు. మొదటిది, ఫొటోను అద్దంలో చూసినట్టు అడ్డం తిప్పాలి. అలవాటు పడ్డ కంటికి దొరకని వంకర అప్పుడు దొరుకుతుంది, ఒక కణత మూల ఇంకొక దానికన్నా కిందికి దిగి ఉంటే వెంటనే తెలుస్తుంది. అయితే ఇక్కడ జాగ్రత్త, మనుషుల రెండు కణతలు సహజంగానే సమానంగా ఉండవు. సమానం చేయడం కాదు, అసలు ఫొటోలో ఎంత తేడా ఉందో అంతే ఉందా అని చూడాలి.

రెండోది, అసలు ఫొటోను పైన వేసి డిఫరెన్స్ పద్ధతిలో చూడాలి. మారని చోటు నల్లగా, మారిన చోటు వెలుగుతూ కనిపిస్తుంది. జుట్టంతా వెలగాలి. నుదురు, చెవుల చోట నలుపే ఉండాలి. నుదుటి అంచు కిందుగా వెలుగు పట్టీ కనిపిస్తే అక్కడ జుట్టు చర్మం మీదికి దిగిందన్నమాట.

మూడోది, ఒక కాగితంతో జుట్టు కప్పి ముఖం మాత్రమే, తరువాత ముఖం కప్పి జుట్టు మాత్రమే ఇంటివాళ్లకు చూపించాలి. ముఖం కప్పినా "ఇది నాయినదే" అంటే పని నిలబడ్డట్టు. ఇది కొడుకుల కన్నా భార్యకో చెల్లెలికో చూపించడం మంచిది, తలకు నూనె రాసిన చేతులకు ఆ నెత్తి బాగా తెలుసు.

ఇంకో సంగతి మరువద్దు. జుట్టు నల్లబడ్డాక మీసం, కనుబొమ్మలు, చెవి ముందు కలం తెల్లగానే ఉంటే రంగు వేసుకున్న మనిషిలా కనిపిస్తాడు. అన్నీ నల్లబరిస్తే ముడతల ముఖానికి పొసగదు. వెంట్రుకలు సాధారణంగా కణతల దగ్గర ముందు తెల్లబడతాయి, తరువాత నడినెత్తి, వెనకభాగం చివరన. ఈ క్రమాన్ని పట్టుకుని, వెనక, పైన నల్లగా, కణతల దగ్గర, కలంలో నెరుపు మిగిల్చి, మీసంలో కొన్ని తెల్లపాయలు వదిలితే యాభై అయిదు, అరవై ఏళ్ల మనిషి కనిపిస్తాడు. ముఖానికీ జుట్టుకూ మధ్య ఆ పది పదిహేనేళ్ల సర్దుబాటు కంటికి ఒప్పుతుంది. ముప్పై ఏళ్ల దూకుడు ఒప్పదు.

ఇది గోడ మీది పటానికి చేసే పని మాత్రమేనని కూడా చెప్పాలి. పాస్‌పోర్టుకో, పింఛను కాగితాలకో, ఏ గుర్తింపు కార్డుకో ఇచ్చే ఫొటోలో జుట్టు రంగు గానీ అంచు గానీ మార్చి ఇవ్వకూడదు. అక్కడ ఫొటో ఆ మనిషి ఈ రోజు ఎట్లున్నాడో చూపాలి.

చివరగా, స్టూడియోకు వచ్చే ఇంటివాళ్లకు రెండు మాటలు. సెల్‌ఫోన్ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది చిన్నదై, జుట్టు వివరం కరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా ఫోన్‌నే తీసుకురండి. పాత ఫొటో ఎంత చిన్నదైనా, మరకలున్నా, అసలుదే తీసుకురండి, దాన్ని సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటో కాదు. ఒకవైపు నుంచి తల కనిపించే ఫొటో ఏదైనా ఉంటే, గ్రూపు ఫొటోలో మూలన ఉన్నా సరే, అది కూడా తెండి. నెత్తి వెనక వంపు, కణత మూల అసలు ఎక్కడుందో దానిలో తెలుస్తుంది. దానితో పాటు ఒక మాట ముందే అనుకుని రండి: ఏ వయసు మనిషి గోడ మీద ఉండాలి? పని చేసేవాళ్లు జుట్టుకు ఏ రంగైనా ఇవ్వగలరు. వయసు మాత్రం మీరే చెప్పాలి.